మీ లిమిట్ ప్రస్తుతానికి సున్నా

ప్రశ్న: మాది బొబ్బిలి. జీతం 42 వేలు, ఇంటి ఖర్చు 30 వేలు. మా ఆవిడ నగల మీద 5 లక్షలు గోల్డ్ లోన్ తీసి నిఫ్టీ ఫ్యూచర్స్ ఒక లాటు కొన్నాను. రేటు పడితే సగటు తగ్గుతుందని ఇంకోటి కొన్నాను. ముంబైలో ట్రేడింగ్ డెస్కులో పనిచేసే మా తోడల్లుడు, వాళ్లకి రిస్క్ మేనేజర్ లిమిట్ పెడతాడని, రోజూ పొజిషన్లు చెప్పాల్సిందేనని అంటాడు. సొంత డబ్బుతో చేసుకునే నాకు ఇవన్నీ ఎందుకండీ?

జవాబు: నగలు మీ ఆవిడవి, డబ్బు లోన్ ఇచ్చినవాళ్లది. ఇందులో మీ సొంతమంటూ ఉన్నది నష్టం ఒక్కటే.

రిస్క్ మేనేజర్ మార్కెట్ పెరుగుతుందా, పడుతుందా అని అడగడు. రేపు అడ్డం తిరిగితే ఎంత పోతుంది, అంత భరించగలమా అని అడుగుతాడు. లిమిట్ ఆ జవాబులోంచే వస్తుంది. ఒక్కో లాటు విలువ 18 లక్షలనుకుంటే మీరు మోస్తున్నది 36 లక్షలు. మీరు కట్టిన 5 లక్షలు మార్జిన్ మాత్రమే, అంటే నష్టం వస్తే పట్టుకోవడానికి ముందుగా పెట్టే పూచీ సొమ్ము. 2024 జూన్ 4న, ఎన్నికల ఫలితాల రోజు, నిఫ్టీ దాదాపు 6 శాతం పడింది. అలాంటి రోజు ఇంకొకటి వస్తే మీకు 2 లక్షల పైచిలుకు పోతుంది, అంటే అయిదు నెలల జీతం.

రోజూ ఎందుకు చెప్పాలంటే, ఫ్యూచర్స్‌లో లాభనష్టాల లెక్క ఏ రోజుకారోజు తేలుతుంది. ట్రేడర్ కొత్తగా ఏమీ కొనకపోయినా నిన్న లిమిట్ లోపల ఉన్నది ఇవాళ దాటిపోవచ్చు. పైగా ట్రేడర్ చెప్పిన మాటను ఉన్నదున్నట్టు నమ్మరు, ఎక్స్ఛేంజి నుంచి వచ్చిన లెక్కతో సరిచూస్తారు. బేరింగ్స్ బ్యాంకులో ఆ పని జరగలేదు. సింగపూర్‌లో ఆ బ్యాంకు ట్రేడర్ నిక్ లీసన్ ట్రేడింగూ తనే చూసుకున్నాడు, లెక్కలూ తనే చూసుకున్నాడు. నష్టాలన్నీ 88888 అనే ఖాతాలో దాచాడు. లాభాలు తెస్తున్నానని చెబుతూనే మార్జిన్‌కి డబ్బు అడుగుతుంటే లండన్ హెడ్డాఫీసు వాళ్లు పంపుతూ పోయారు. అనుమానం రావాల్సింది అక్కడే. 1995లో 82.7 కోట్ల పౌండ్ల నష్టంతో బ్యాంకే మునిగింది. రెండో లాటుకు డబ్బు కట్టినప్పుడు, మొదటి దాని నష్టం ఎంతో మీ ఆవిడకు చెప్పారా?

రెండు లాట్లూ అమ్మేయండి. రేపు పెరుగుతుందేమో అనొద్దు, లీసన్ కూడా అదే అనుకున్నాడు. మిగిలిన డబ్బు గోల్డ్ లోన్‌కి కట్టండి. ఇంకా బాకీ ఉంటే నెలనెలా మిగిలే 12 వేలతో తీర్చండి. ఆ తర్వాత అదే 12 వేలు, ఆరు నెలల ఖర్చుకు సరిపడా 1.8 లక్షలు అయ్యేదాకా, పొదుపు ఖాతాలోనో ఎఫ్‌డీలోనో వేయండి. ఇది పదిహేను నెలల పని. ఆ నిధి లేనంతవరకు మీ లిమిట్ సున్నా. ఇండెక్స్ ఫండ్ సిప్ సంగతి తర్వాత చూద్దాం.

నిధి కూడాక కూడా ఒక్క రోజులో 9 వేలకు మించి పోగొట్టుకోలేనంటే, 6 శాతం పడే రోజుకు లక్షన్నర పొజిషనే మీ స్థాయి. ఒక లాటు అందులో పన్నెండు రెట్లు. ఈ లెక్క ఇవాళ రాత్రే మీ ఆవిడకు చూపించండి. మీరు రాసింది కాదు, బ్రోకరు పంపిన స్టేట్‌మెంటు. పైడితల్లమ్మ పండగకు మెడలో గొలుసు ఏదని అడగకముందే.