అడవుల నరికివేత వ్యాసానికి రొండోనియా ఒక్కటి చాలు

ప్రశ్న: ప్లస్‌టూ జాగ్రఫీలో "ఉష్ణమండల అడవుల నరికివేత: కారణాలు, ప్రభావాలు" మీద పెద్ద ప్రశ్న వస్తుందంటున్నారు. పాయింట్లన్నీ తెలుసు, రాస్తే మాత్రం జాబితాలా తయారవుతోంది. ప్లాన్ ఎలా వేసుకోవాలి?

కారణాలకు ఒక పేజీ, ప్రభావాలకు ఒక పేజీ అని విడగొట్టుకోవడం దగ్గరే జాబితా మొదలవుతుంది. జాగ్రఫీ పేపర్లు దిద్దేటప్పుడు నాకు ఎక్కువగా కనిపించేవి అలాంటివే. పశుపోషణ, గనులు, కలప, రోడ్లు అని ఒక్కో లైను, ఆ తర్వాత నేలకోత, వరదలు, భూతాపం అని ఒక్కో లైను. ఒక్కటీ తప్పు కాదు, కానీ దేనివల్ల ఏది జరిగిందో ఎక్కడా ఉండదు. మా పిల్లలచేత నేను ఒకే ప్రాంతం తీసుకుని రాయిస్తాను. బ్రెజిల్‌లో, అమెజాన్ అడవికి నైరుతి అంచున ఉన్న రొండోనియా రాష్ట్రం.

మొదటి పేరా రోడ్డుతో మొదలుపెట్టండి. బీఆర్-364 హైవే 1960ల్లో పడింది, ప్రపంచ బ్యాంకు అప్పుతో 1984లో తారురోడ్డు అయింది. 1970లో లక్ష దాటి కాస్త ఉన్న జనాభా 1991కి 11 లక్షలు దాటింది. వచ్చినవాళ్లెవరు? దక్షిణాన పరానా లాంటి చోట్ల కాఫీ తోటలు పోయి, ట్రాక్టర్లతో సోయా సాగు వచ్చాక పని పోయినవాళ్లు చాలామంది. ఈ ఒక్క వాక్యం రాస్తే "జనాభా పెరుగుదల" అనే అరిగిపోయిన పాయింటు అవసరం ఉండదు.

రెండో పేరాలో పట్టా సంగతి రాయండి. నా లెక్కలో వ్యాసానికి ప్రాణం ఇదే. ప్రభుత్వం కుటుంబానికి 100 హెక్టార్ల చొప్పున ఇచ్చింది. రోడ్డు వైపు అర కిలోమీటరు, లోపలికి రెండు కిలోమీటర్లు. రెండు అడ్డరోడ్ల మధ్య ఇలాంటి స్థలాలు వీపు వీపు ఆనించి ఉంటాయి కాబట్టి అడ్డరోడ్లు దాదాపు నాలుగు కిలోమీటర్లకొకటి పడ్డాయి. ప్రతివాడూ రోడ్డు పక్కనుంచి నరుక్కుంటూ లోపలికి పోయాడు. శాటిలైట్ ఫొటోల్లో చేపముల్లులా కనిపించేది ఇదే. ఈ బొమ్మ పెన్సిల్‌తో రెండు నిమిషాల్లో వేయొచ్చు, తప్పకుండా వేయండి. ఇంకో సంగతి, నరికిన భూమినే "సాగులో ఉంది" అని చూసేవారు. చెట్లు నిలబెట్టుకున్నవాడి హక్కు బలహీనం. అంటే నరకడం ఇక్కడ కేవలం పంటకోసం కాదు, భూమి చేజారకుండా చూసుకోవడానికి కూడా.

ఇక్కణ్ణుంచి ప్రభావాల్లోకి జారిపోవచ్చు, కొత్త హెడ్డింగు అక్కర్లేదు. అక్కడ వానలు ఆగే కాలం మొదట్లో చెట్లు కొట్టి, ఆగస్టు, సెప్టెంబరుల్లో తగలబెట్టి, తొలి వానలకు వరి, మొక్కజొన్న వేస్తారు. ఈ అడవిలో పోషకాలు ఎక్కువ భాగం చెట్లలోనే ఉంటాయి, నేలలో తక్కువ. అందుకే బూడిద బలంతో రెండు మూడేళ్లు పండుతుంది. ఆ తర్వాత వానకు పోషకాలు కిందికి ఇంకిపోయి, కలుపు కమ్మేసి, దిగుబడి పడిపోతుంది. అప్పుడు గడ్డి వేసి పశువుల్ని తోలతారు, లేదా పెద్ద ఆసామికి అమ్మేసి ఇంకా లోపలికి పోయి మళ్లీ నరుకుతారు. చూశారా, నేల పాడవడం ఇక్కడ ప్రభావం, మరుసటి నరుకుడుకి కారణం కూడా. ఈ మలుపు రాసినవాడి పేపరు దిద్దేవాడికి వెంటనే తెలిసిపోతుంది.

వాన గురించి ఒక పేరా. అట్లాంటిక్ నుంచి వచ్చే తేమ అమెజాన్‌లో వానగా పడి, చెట్ల ఆకుల ద్వారా మళ్లీ ఆవిరై, ఇంకా పడమరకు పోయి కురుస్తుంది. చెట్లు పోయిన చోట ఈ తిరుగుడు తగ్గుతుంది. రొండోనియాలో నరికిన ప్రాంతాల్లో వానాకాలం ఆలస్యంగా మొదలవుతోందని వర్షపాతం రికార్డులు చూపిస్తున్నాయి. కార్బన్ డయాక్సైడ్, జీవవైవిధ్యం రెండు మూడు వాక్యాల్లో ముగించండి. "ప్రపంచానికి 20 శాతం ఆక్సిజన్ ఇచ్చే ఊపిరితిత్తులు" అని మాత్రం రాయొద్దు. అడవి ఇచ్చే ఆక్సిజన్ దాదాపు అంతా ఆ అడవిలోనే శ్వాసకు, కుళ్లడానికి ఖర్చయిపోతుంది.

చివరి పేరాలో కారణాల్ని తూకం వేయండి. ఉపగ్రహ లెక్కల ప్రకారం బ్రెజిల్ అమెజాన్‌లో 2004లో 27,772 చదరపు కిలోమీటర్ల అడవి పోయింది. 2012లో పోయింది 4,571. ఆ మధ్యలో దేశ జనాభా తగ్గలేదు, సోయా పంటా తగ్గలేదు. మారింది నిఘా, జరిమానాలు, అప్పులిచ్చే షరతులు, కొత్తగా నరికిన భూమిలో పండిన సోయా కొనబోమని వ్యాపారులు 2006లో చేసుకున్న ఒప్పందం. తర్వాత పట్టు సడలాక అంకె మళ్లీ పెరిగి 2021లో 13 వేలు దాటింది.

ప్రశ్నలో "ప్రభావాలు" మాత్రమే అడిగితే రోడ్డు, పట్టా పేరాల్ని నాలుగు లైన్లకు కుదించి నేల దగ్గర మొదలుపెట్టండి. "కారణాలు" మాత్రమే అడిగితే వాన పేరా తీసేయండి. నేల పేరా మాత్రం రెండింటిలోనూ ఉండాలి.