అర్ధరాత్రి అతిథి, అరిగిన బటన్లు

ప్రశ్న: విశాఖలో మా ఫ్లాటును రోజుల లెక్కన అద్దెకు ఇస్తాను. రాత్రి రైలు దిగి వచ్చేవారికి అడ్రసు, తాళంచెవి ఉంచే కీ బాక్సు కోడ్, తలుపు కోడ్, హెల్ప్‌లైన్ నంబరు ఒకే సందేశంలో పంపుతాను. అయినా ‘కోడ్ పనిచేయడం లేదు’ అని ఒంటిగంటకు నిద్ర లేపుతారు. ఏం చేయాలి?

జవాబు: ఇదే ఫిర్యాదు చాలామంది రాస్తున్నారు. మీది బటన్లు నొక్కే కీ బాక్సు అయితే కోడ్ తప్పు కాకపోవచ్చు. చీకట్లో ఒక బటన్ పొరపాటున నొక్కితే, క్లియర్ మీటను కిందికి లాగేదాకా ఆ నొక్కు లోపలే ఉండిపోతుంది. తర్వాత సరైన కోడ్ నొక్కినా మూత కదలదు. ‘ముందు క్లియర్ మీట లాగండి, తర్వాత కోడ్ నొక్కండి’ అన్న వాక్యం సందేశంలో మొదట రాయండి.

నన్ను కలవరపెట్టేది మాత్రం మరొకటి. ఈ రకం బాక్సుల్లో చాలావాటికి అంకెల వరుసతో పనిలేదు. మీరు 2580 పెడితే 0852కూ తెరుచుకుంటుంది. ఒకే అంకెను రెండుసార్లు వాడే వీలూ లేదు. అంటే నాలుగంకెల కోడ్‌లు మీరనుకున్నట్టు 10,000 కావు, 210 మాత్రమే! ఒక్కోదానికి పది సెకన్లు వేసుకున్నా 35 నిమిషాల్లో అన్నీ ప్రయత్నించవచ్చు. నెలల తరబడి కోడ్ మార్చకపోతే ఆ శ్రమ కూడా అక్కర్లేదు, అరిగి జిడ్డు పట్టిన నాలుగు బటన్లే చెప్పేస్తాయి. ఈ సంగతి అట్టపెట్టె మీద ఒక్క ముక్కయినా రాయకుండా ‘పటిష్ఠ భద్రత’ అని అచ్చువేసే ధైర్యం ఎక్కడిదో!

మీ బాక్సు సంగతి తేలాలంటే కోడ్‌ను తిరగేసి నొక్కి చూడండి. తెరుచుకుంటే దాన్ని గేటు బయట వేలాడదీయకండి. అతిథి మారినప్పుడల్లా కోడ్ మార్చండి. తాళంచెవికి ఫ్లాటు నంబరు చీటీ కట్టే అలవాటుంటే ఈరోజే తీసేయండి.

అడ్రసు ముందు రోజు, కోడ్‌లు వచ్చే రోజు సాయంత్రం విడిగా పంపండి. అన్నీ ఒకే సందేశంలో ఉంటే, దారి చూపడానికి అతిథి దాన్ని అలాగే క్యాబ్ డ్రైవరుకు పంపేస్తాడు. తలుపు తాళంలో గడువు కోడ్ పెట్టే వీలుంటే బస ముగిసే గంటకు ఆగిపోయేలా పెట్టండి. బ్యాటరీలు మార్చాక ఆ తాళంలోని గడియారం సరిగ్గా ఉందో లేదో చూడండి. సమయం తప్పితే సరైన గడువు కోడ్ కూడా చెల్లకపోవచ్చు.

హెల్ప్‌లైన్ నంబరును రాత్రి ఎత్తేవారు లేకపోతే అతిథి ఇంటర్నెట్‌లో కస్టమర్ కేర్ కోసం వెతుకుతాడు. అక్కడ నకిలీ నంబర్లు పెట్టుకుని కాచుకున్నవాళ్లు తలుపు తెరిపిస్తామంటూ యూపీఐ పిన్ కొట్టిస్తారు, లేదా ఫోను తెరను తమకు చూపే యాప్ వేయిస్తారు. వాచ్‌మన్ నంబరూ ఇవ్వండి. ఎవరైనా ఇలా డబ్బు పోగొట్టుకుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి.