డాక్టర్ లేని ఓడలో కడుపునొప్పి వస్తే ఏం చేస్తారు?

ప్రశ్న: సరుకు ఓడల మీద డాక్టర్ ఉండరని విన్నాను. నడిసముద్రంలో ఎవరికైనా అపెండిసైటిస్ లాంటిది వస్తే ఎవరు చూస్తారు, ఏ మందులు ఇస్తారు? మా తమ్ముడు త్వరలో ఓడ ఎక్కబోతున్నాడు, ఇంట్లో అమ్మ భయపడుతోంది.

జవాబు:

చూసేది సాధారణంగా సెకండ్ ఆఫీసర్. నేను చాలా ఏళ్లు ఆ బాధ్యతలో ఉన్నాను. కాబట్టి మీ అమ్మగారికి ఉత్త ధైర్యం చెప్పడం కన్నా, అచ్చంగా మీరు అడిగిన జబ్బే మా ఓడలో వచ్చినప్పుడు ఏం జరిగిందో వివరంగా చెప్పడం మేలనుకుంటున్నాను. వంద మంది లేదా అంతకు మించిన మనుషులతో, మూడు రోజులు దాటిన అంతర్జాతీయ ప్రయాణాలు చేసే ఓడలోనే డాక్టర్ తప్పనిసరిగా ఉండాలని నిబంధన. మాది ఇరవై చిల్లర మంది సిబ్బంది ఉన్న సరుకు ఓడ. అలాంటి చోట ఒక అధికారి వైద్య సంరక్షణ కోర్సు పూర్తిచేసి, వాచ్ అని పిలిచే తన కాపలా వంతు పనితో పాటు మందుల గది తాళాలు కూడా దగ్గర పెట్టుకుంటాడు.

జోర్డాన్‌లోని అకాబా రేవులో ఫాస్ఫేట్ నింపుకుని విశాఖపట్నం వస్తున్నాం. గల్ఫ్ ఆఫ్ ఏడెన్ దాటి అరేబియా సముద్రం మధ్యకు చేరాక, ఒకరోజు తెల్లవారుజామున ఇంజిన్ రూమ్‌లో పనిచేసే శ్రీకాకుళం కుర్రాడిని ఇద్దరు పట్టుకుని ఓడ హాస్పిటల్‌కు తీసుకొచ్చారు. హాస్పిటల్ అంటే ఒక మంచం, ఒక బాత్‌రూమ్, గోడకు మందుల బీరువాలు ఉన్న చిన్న గది. "రాత్రి నుంచి బొడ్డు చుట్టూ మెలిపెడుతోంది సార్, గ్యాస్ అనుకున్నాను, ఇప్పుడు కుడిపక్కకు దిగింది" అన్నాడు. కొచ్చి అప్పటికి దాదాపు 700 నాటికల్ మైళ్ల దూరంలో ఉంది. మా ఓడ వేగం గంటకు పన్నెండున్నర నాటికల్ మైళ్లు, అంటే 56 గంటల ప్రయాణం. వెనక్కి తిరిగి ఒమన్‌లోని సలాలాకు వెళ్లినా దూరం ఇంచుమించు అంతే. తీరం నుంచి హెలికాప్టర్ రాగలిగినంత దగ్గరలో మేము లేము.

ఇలాంటప్పుడు చేయి ముందుగా మందుల బీరువా మీదికి పోతుంది. అది సరికాదని నా గట్టి అభిప్రాయం. ముందు పెన్ను, కాగితం తీయాలి. కుడివైపు కడుపునొప్పికి ఇంజిన్ రూమ్ మనుషుల్లో తరచుగా కనిపించే కారణం కిడ్నీలో రాయి, ఎందుకంటే ఆ వేడిలో చెమట ధారలు కడుతుంది, తాగే నీరు చాలదు. రాయి నొప్పి నడుము నుంచి గజ్జలోకి దిగుతుంది, మనిషి ఒకచోట పడుకోలేక అటూ ఇటూ దొర్లుతాడు. అపెండిక్స్ నొప్పి బొడ్డు దగ్గర మొదలై కొన్ని గంటల్లో కుడివైపు కిందికి చేరుతుంది, కదిలితే ఎక్కువవుతుంది కాబట్టి మనిషి మోకాళ్లు ముడుచుకుని కదలకుండా పడుకుంటాడు. మా కుర్రాడు కదలడం లేదు. ఆకలి చచ్చిపోయింది, నొప్పి మొదలైన తర్వాత ఒకసారి వాంతి అయింది. ఈ వరుసను తప్పకుండా అడిగి రాసుకోవాలి, వాంతులు ముందు మొదలై నొప్పి తర్వాత వచ్చిందంటే తిండి తేడా చేసి ఉండవచ్చు.

జ్వరం 37.9 డిగ్రీల సెల్సియస్, నాడి నిమిషానికి 96, బీపీ మామూలుగా ఉంది. బొడ్డుకూ, కుడి తుంటి ముందు ఎముకకూ మధ్య గీత గీసినట్టు ఊహించుకుని, బొడ్డు నుంచి మూడింట రెండు వంతుల దూరంలో నెమ్మదిగా వేళ్లు నొక్కి, ఒక్కసారిగా వదిలాను. నొక్కినప్పటి కన్నా వదిలినప్పుడు ఎక్కువగా మూలిగాడు. దగ్గమంటే కుడిపక్క పట్టుకున్నాడు. మూత్రంలో టెస్ట్ స్ట్రిప్ ముంచి చూస్తే రక్తం లేదు. అంతమాత్రాన రాయి లేదని తేల్చలేం, కానీ అనుమానం అటు తగ్గి, ఇటు పెరిగింది.

ఆ కాగితం పట్టుకుని శాటిలైట్ ఫోన్‌లో రోమ్‌లోని సిఐఆర్ఎమ్ కేంద్రానికి ఫోన్ చేశాం. గ్విడో గ్విడా అనే వైద్యుడు 1935లో స్థాపించిన సంస్థ అది. ఏ దేశపు జెండా కింద తిరిగే ఓడకైనా, పగలైనా రాత్రైనా, అక్కడి డాక్టర్లు పైసా తీసుకోకుండా సలహా ఇస్తారు. మొదట్లో ఈ మాటలన్నీ మోర్స్ సంకేతాల్లో నడిచేవి. ఇప్పుడు ఫోన్, ఈమెయిల్ ఉన్నాయి, ఫోటోలు కూడా పంపవచ్చు. ఇన్మార్శాట్ అనే శాటిలైట్ ఫోన్‌లో 32 అనే సంకేతం వైద్య సలహాకు, 38 రోగిని దింపే సహాయానికి కేటాయించారు.

డాక్టర్ మా కాగితంలోని ప్రతి అంకె అడిగారు. పెన్సిలిన్ పడదా అని అడిగారు. మేము రాయని ఒక ప్రశ్న కూడా వేశారు, వృషణాల్లో నొప్పిగానీ వాపుగానీ ఉందా అని. యువకుల్లో వృషణం మెలిపడినా నొప్పి పొత్తికడుపులోనే తెలియవచ్చు, మన కుర్రాళ్లు సిగ్గుతో ఆ మాట చెప్పరు. కుర్రాడిని అడిగి, పరీక్షించి, లేదని చెప్పాను. అప్పుడు ఆయన అపెండిసైటిస్ అనే అనుకుని వైద్యం మొదలుపెట్టమన్నారు. తినడానికి ఏమీ ఇవ్వకూడదు, విరేచనానికి మందు అసలే ఇవ్వకూడదు, సెలైన్ ఎక్కించాలి, సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ 1 గ్రాము కండకు రోజుకొకసారి, మెట్రోనిడజోల్ అనే ఇంకో యాంటీబయాటిక్ 500 మిల్లీగ్రాముల మాత్ర గుక్కెడు నీటితో ఎనిమిది గంటలకొకటి. ఆయన చెప్పిన ప్రతి మోతాదునూ నేను తిరిగి చదివి వినిపించాను. శాటిలైట్ లైనులో గొంతు తెగుతూ వచ్చినప్పుడు అర మిల్లీలీటరు అయిదు మిల్లీలీటర్లుగా వినబడితే ప్రాణాల మీదికి వస్తుంది.

సెఫ్ట్రియాక్సోన్ సీసాలో పొడిగా ఉంటుంది. కండకు వేసేటప్పుడు 1 గ్రాము పొడిని ఒక శాతం లిడోకైన్ 3.5 మిల్లీలీటర్లలో కలిపి, పిరుదు పైభాగంలో లోతుగా వేయాలి, ఎందుకంటే లిడోకైన్ లేకపోతే ఆ సూది నొప్పి భరించడం కష్టం. కానీ లిడోకైన్ కలిపిన మందును నరంలోకి ఎక్కించకూడదు. ఇంకొక ప్రమాదం సెలైన్ దగ్గర ఉంది. బీరువాలో నార్మల్ సెలైన్ పక్కనే రింగర్ లాక్టేట్ సంచులు కూడా ఉంటాయి, చూపుకు రెండూ ఒకటే. రింగర్‌లో కాల్షియం ఉంటుంది. ఈ మందును దానితో కలిపినా, ఒకే గొట్టంలో పంపినా గడ్డలు కట్టే ప్రమాదం ఉంది. అందుకే నార్మల్ సెలైన్ సంచి మీది పేరు చదివి, పక్కవాడి చేత కూడా చదివించి, అప్పుడే తగిలించాను. ఇంజెక్షన్ వేసేముందు, ఒళ్లు దద్దుర్లెక్కి ఊపిరాడకపోతే వెంటనే వేయడానికి 1:1000 అడ్రినలిన్ అర మిల్లీలీటరు సిరంజిలో సిద్ధంగా ఉంచుకున్నాను.

లీటరు సెలైన్ ఎనిమిది గంటల్లో వెళ్లాలన్నారు, అంటే గంటకు 125 మిల్లీలీటర్లు. మా గొట్టంలో మిల్లీలీటరుకు ఇరవై చుక్కలు, కాబట్టి నిమిషానికి దాదాపు 42 చుక్కలు పడాలి. ఓడ ఊగినప్పుడు సంచి ఊగి చుక్కల లెక్క మారేది. అందుకని వాచ్ దిగిన వాళ్లను వంతులవారీగా మంచం పక్కన కూర్చోబెట్టి, గంటకొకసారి చుక్కలూ, నాడీ, జ్వరమూ రాయించాం.

మందుల గది గురించి నాకొక కోపం ఉంది, ఇక్కడే చెప్పేస్తాను. నిబంధనల జాబితాలో మందుల అసలు పేర్లు ఉంటాయి. రేవుల్లో సరఫరాదారులు ఇచ్చే పెట్టెల మీద మాత్రం ఏ దేశంలో కొన్నారో ఆ దేశపు బ్రాండు పేరు, ఆ దేశపు లిపి ఉంటాయి. గడువు నాలుగు నెలల్లో తీరిపోయే సరుకు అంటగడతారు. తనిఖీకి వచ్చేవారు సంఖ్య సరిపోయిందా, తేదీ దాటిందా అని చూస్తారు తప్ప, రాత్రి రెండింటికి నిద్రమత్తులో ఉన్న అధికారి ఆ పెట్టెను గుర్తుపట్టగలడా అని చూడరు. నేను ఎక్కిన ప్రతి ఓడలోనూ పెట్టెల మీద అసలు పేరు, మోతాదు పెద్ద అక్షరాలతో రాసి అతికించేవాణ్ణి. మార్ఫిన్ సంగతి వేరు, అది కెప్టెన్ గది సేఫ్‌లో తాళం కింద ఉంటుంది, ఒక్క ఆంప్యూల్ తీసినా సంతకాలు కావాలి. ఆ కట్టుదిట్టం అవసరమే.

దీనికి మించి కోపం తెప్పించింది కంపెనీ ఆఫీసు నుంచి వచ్చిన ఫోను. దారి మళ్లితే ఎంత ఇంధనం, ఎంత ఆలస్యం అని అడిగారు, మందులకు తగ్గిపోదా అన్నారు. అది పూర్తిగా తప్పు ప్రశ్నేమీ కాదు. 2020లో వెలువడిన అమెరికా అధ్యయనంలో యాంటీబయాటిక్స్ మాత్రమే తీసుకున్నవారిలో పదిమందికి సుమారు ముగ్గురికే మూడు నెలల్లోపు ఆపరేషన్ అవసరమైంది. కానీ వాళ్లందరికీ ఆస్పత్రి అందుబాటులో ఉంది, ఆ ముగ్గురినీ అక్కడ కోయగలిగారు. మా దగ్గర ఆ ముగ్గురిలో ఒకడైతే ఎవరు కోస్తారు? 1942లో సీడ్రాగన్ అనే అమెరికా జలాంతర్గామిలో వీలర్ లైప్స్ అనే ఫార్మసిస్ట్ మేట్ వంచిన చెంచాలతో అపెండిక్స్ తీశాడని, రోగి బతికాడని చాలామంది నాతో అంటారు. అది యుద్ధకాలం, వాళ్ల చేతిలో వేరే దారి లేదు. మా కెప్టెన్ గారు రోమ్ డాక్టర్ మాటను లిఖితపూర్వకంగా తెప్పించుకుని, ముంబైలోని సముద్ర రక్షణ సమన్వయ కేంద్రానికి తెలియజేసి, ఓడను కొచ్చి వైపు తిప్పారు.

డాక్టర్ చెప్పిన ఒక హెచ్చరికను మంచం పక్కన ఎర్ర అక్షరాలతో రాసిపెట్టాం: నొప్పి ఉన్నట్టుండి తగ్గిపోతే సంతోషపడకండి, వెంటనే ఫోన్ చేయండి. అపెండిక్స్ పగిలినప్పుడు లోపలి ఒత్తిడి పోయి కాసేపు హాయిగా అనిపిస్తుంది, తర్వాత కడుపంతా చెక్కలా బిగుస్తుంది, నాడి పరుగు తీస్తుంది, జ్వరం ఎగబాకుతుంది. మావాడి నొప్పి రెండో రోజుకు నెమ్మదిగా, కొంచెం కొంచెంగా తగ్గింది. నాడి 84కు దిగింది, పొట్ట మెత్తగానే ఉంది. అది మందు పనిచేసిన తీరు.

కొచ్చి వెలుపల తీరరక్షక దళం పడవ వచ్చింది. వెదురు బద్దల లాంటి పట్టీలతో మనిషిని చుట్టేసే నీల్ రాబర్ట్‌సన్ స్ట్రెచర్‌లో అతణ్ణి బిగించి క్రేన్‌తో దింపాం. మెడ దగ్గర ప్లాస్టిక్ సంచిలో పాస్‌పోర్టు, గంటగంటకు రాసిన కాగితాలు, ఏ మందు ఏ గంటకు ఎంత ఇచ్చామో చీటీ పెట్టాం. మరునాడు ఆపరేషన్ చేశారు, అపెండిక్స్ వాచింది గానీ పగలలేదు.

మీ తమ్ముడు ఓడ ఎక్కేముందు రెండు పనులు చేయించండి. అతనికి ఏ మందు పడదో, ఇంట్లో రోజూ ఏ మాత్ర వేసుకుంటాడో కాగితం మీద రాసి, ఓడలో చేరిన రోజే సెకండ్ ఆఫీసర్‌కు ఇవ్వమనండి. ఉద్యోగం పోతుందనే భయంతో బీపీ మాత్రలు, మూర్ఛ మాత్రలు సూట్‌కేసు అడుగున దాచుకునేవాళ్లను నేను చూశాను. స్పృహ తప్పినవాడి గురించి రోమ్ డాక్టర్ అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి, దానికి అప్పుడు జవాబు చెప్పేవాళ్లు ఉండరు. రెండోది, కడుపునొప్పి వస్తే గ్యాస్ అనుకుని రాత్రంతా ఓర్చుకోవద్దని, ఏ వేళైనా సెకండ్ ఆఫీసర్ తలుపు కొట్టమని చెప్పండి.