పంపేసిన లాభం అంకె మారితే భాగస్వాములకు ఎలా చెప్పాలి?

ప్రశ్న: సార్, ఎంవీపీ కాలనీలో ముగ్గురం కలిసి హోటల్ నడుపుతున్నాం. నెల లెక్కల రిపోర్టు ప్రతి 1న దానంతటదే అందరికీ మెయిల్‌లో వెళ్తుంది. మే లాభం 2,10,000 అని వెళ్లింది, తలా 70,000 తీసేసుకున్నాం. వారం తిరిగేసరికి షీట్‌లో 1,68,000 ఉంది. మిగతా ఇద్దరూ ఇంకా చూడలేదు. జూన్ లెక్కలో సర్దేయొచ్చా?

జవాబు: వద్దండి, అలా సర్దకండి. అలా చేస్తే మే ఉన్నదానికంటే బాగున్నట్టు, జూన్ ఒక్కసారిగా పడిపోయినట్టు కనిపిస్తుంది. జూన్‌లో ఏం జరిగిందో అని ముగ్గురూ లేని కారణం వెతుక్కుంటారు.

మీరు పంపిన షీట్ చూశాను. డెలివరీ యాప్ మే చివరి వారం కమీషన్ 24,000, హార్బర్ నుంచి చేపలు వేసే ఆయన నెల బిల్లు 18,000, రెండూ 5వ తేదీకి చేరాయి. ఖర్చు మాత్రం మే నెలదే. మీ భాగస్వాములు షీట్ లింక్ తెరిచి, చెప్పకుండా మారిన అంకెను తామే చూసుకుంటే అనుమానం మొదలవుతుంది, అందుకే ఈ రోజే, ఇద్దరికీ ఒకేసారి, 1న వెళ్లిన మెయిల్‌కే రిప్లైగా ఇలా రాయండి:

“మే లాభం 2,10,000 అని పంపాం, ఇప్పుడది 1,68,000. తేడా 42,000: యాప్ కమీషన్ 24,000, చేపల బిల్లు 18,000. రెండూ మే ఖర్చులే, 1 తర్వాత చేరాయి. అమ్మకాల అంకె మారలేదు. తలా 14,000 ఎక్కువ తీసుకున్నాం, జూన్ వాటాలో తగ్గించుకుందాం.”

పాత అంకె, కొత్త అంకె పక్కపక్కనే ఉండాలి. రిపోర్టునే మళ్లీ పంపేసి ఊరుకుంటే ఒకే పేరుతో రెండు మెయిల్స్ అవుతాయి, ఏది చివరిదో రెండు నెలల తర్వాత మీకే గుర్తుండదు. 1న వెళ్లిన రిపోర్టు పీడీఎఫ్ చెరపకండి. ఆ 2,10,000 మీ ఆడిటర్‌కో, లోన్ కోసం బ్యాంకుకో కూడా వెళ్లి ఉంటే వాళ్లకీ ఇదే మెసేజ్ వెళ్లాలి, చాలామంది మర్చిపోయేది ఇక్కడే.

షీట్‌లో బిల్లు తేదీ ఒక్కటే ఉంది, పక్కన ‘చేరిన తేదీ’ అని ఇంకో కాలమ్ పెట్టండి. అప్పుడు 1వ తేదీ దాకా చేరినవి మాత్రమే కూడితే పాత 2,10,000 మళ్లీ వస్తుంది, ఆ తర్వాత చేరిన వరుసలే తేడా, ఎవరైనా అడిగితే వేలుపెట్టి చూపించొచ్చు. అలా కూడినా పాత అంకె రాకపోతే మాత్రం ఎవరో పాత వరుసను దిద్దారన్నమాట, అప్పుడు అది ఆలస్యంగా వచ్చిన బిల్లు కాదు, పొరపాటు, మెసేజ్‌లో కూడా పొరపాటు అనే రాయండి.

ఇకపై 1న వెళ్లే రిపోర్టు మీద ‘తాత్కాలికం’ అని పడేలా పెట్టి, 10న తుది అంకె పంపండి, మీ బిల్లులన్నీ ఆలోపు వచ్చేస్తున్నాయి కాబట్టి. వాటా కూడా 10 తర్వాతే తీసుకోండి. ఆ తర్వాత కూడా ఏదైనా చిల్లర బిల్లు వస్తే, 2,000 లోపు అయితే వచ్చే నెలలో వేసుకుని దాని పక్కన ‘మే నెలది’ అని రాసుకోండి, అంతకు మించితే మళ్లీ ఇలాగే మెసేజ్ పెట్టండి. ఆ హద్దు ఎంతో ముగ్గురూ ఇప్పుడే కూర్చుని అనుకోండి.