విదేశీ సప్లయర్‌ను రూపాయల్లో ఇన్‌వాయిస్ అడగడం: నేను రాసిన రెండు లేఖలు

ప్రశ్న: మాది చిన్న ప్యాకేజింగ్ యూనిట్. మెషీన్ విడిభాగాలు జర్మనీ నుంచి తెప్పించుకుంటాం, బిల్లు యూరోల్లో వస్తుంది. ఆర్డరు పెట్టిన రోజుకీ డబ్బు కట్టే రోజుకీ మధ్య రేటు మారిపోయి దెబ్బ తింటున్నాం. రూపాయల్లోనే ఇన్‌వాయిస్ ఇమ్మని సప్లయర్‌కు లేఖ రాయవచ్చా? ఏమని రాయాలి?

జవాబు:

నిరభ్యంతరంగా రాయవచ్చునండి. దిగుమతి ఇన్‌వాయిస్‌ను రూపాయల్లో వేసుకోవచ్చునని రిజర్వు బ్యాంకు 2022 జులై 11 నాటి సర్క్యులర్‌లో స్పష్టంగా చెప్పింది. చిక్కంతా అవతలివారిని ఒప్పించడంలోనే ఉంటుంది. నేను ఒకసారి రాసి భంగపడి, రెండోసారి కొంతవరకు సాధించాను కాబట్టి ఆ రెండు లేఖల సంగతే చెబుతాను.

మాది ప్రకాశం జిల్లాలో గ్రానైట్ స్లాబులు పాలిష్ చేసే చిన్న ఫ్యాక్టరీ. పాలిషింగ్ లైనుకు కావలసిన అబ్రేసివ్ రాళ్లను ఇటలీ నుంచి తెప్పిస్తాము. 2025 ఫిబ్రవరిలో 20,000 యూరోల ఆర్డరు పెట్టినప్పుడు యూరో 90 రూపాయల దగ్గర ఉంది, అంటే 18 లక్షలు. సరుకు ఏప్రిల్‌లో ఓడ ఎక్కింది, ఆ తేదీ నుంచి 90 రోజుల గడువు. జులైలో కట్టబోయేసరికి యూరో 100 రూపాయలు పలుకుతోంది. రెండు లక్షలు అదనంగా కట్టాను. స్లాబుల ధర మాత్రం ఫిబ్రవరిలో కొనుగోలుదారులకు మాట ఇచ్చిన ధరే. ఇదికాక కస్టమ్స్ వారు సుంకం లెక్కించేది బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు చేసే నాటికి వారు ప్రకటించిన మారకపు రేటుతో కాబట్టి, సుంకమూ ఐజీఎస్టీ కూడా ఆ మేరకు పెరిగాయి.

ఆ బాధలో రాసిన మొదటి లేఖలో రూపాయి పడిపోయిందనీ, మేము నష్టపోయామనీ, ఇకపై రూపాయల్లో బిల్లు వేయాలనీ మాత్రమే ఉంది. మా బ్యాంకు రూపాయలు తీసుకోదు అంటూ రెండు వాక్యాల జవాబు వచ్చింది. తరువాత ఆలోచిస్తే తప్పు నాదేనని అర్థమైంది. రూపాయల్లో బిల్లు అడగడమంటే నా నెత్తిమీది రేటు భారాన్ని అతని నెత్తిన పెట్టడమే. ఆ భారం దించుకునే దారి చూపకుండా, బదులుగా ఏమీ ఇస్తాననకుండా అడిగితే ఏ వ్యాపారీ ఒప్పుకోడు.

రెండో లేఖకు ముందు మా బ్యాంకు ఫారెక్స్ విభాగంలో కూర్చుని, డబ్బు వెళ్లే దారి తెలుసుకున్నాను. సప్లయర్ బ్యాంకుకు మన దేశంలోని ఏదో ఒక బ్యాంకులో రూపాయి ఖాతా ఉండాలి. దాన్ని వోస్ట్రో ఖాతా అంటారు. నా రూపాయలు ఆ ఖాతాలో పడతాయి, అతని బ్యాంకు వాటిని యూరోలుగా మార్చి అతనికి ఇస్తుంది. ఒక బ్యాంకుకు అలాంటి ఖాతా లేకపోతే, అతను లావాదేవీలు జరిపే ఇంకో పెద్ద బ్యాంకుకు ఉండవచ్చు. అంతకంటే ముందు అడగవలసింది ఒకటుంది: సప్లయర్‌కు ఇండియాలో సొంత కంపెనీ ఉందా? ఉంటే ఆ కంపెనీ నుంచి జీఎస్టీ బిల్లుతో రూపాయల్లోనే కొనవచ్చు, ఈ తతంగమంతా అవసరం లేదు. మా సప్లయర్‌కు లేదు.

ఆగస్టు చివర, యూరో 102 దగ్గర ఉన్నప్పుడు, ఇంగ్లీషులో పంపిన రెండో లేఖ సారాంశం తెలుగులో ఇది:

"గౌరవనీయులైన ఎగుమతుల మేనేజర్ గారికి,

మా తదుపరి ఆర్డరు విలువ 20,000 యూరోలు. ఈ ఆర్డరుకు మాత్రం ఇన్‌వాయిస్‌ను భారత రూపాయల్లో, స్థిరమైన మొత్తానికి ఇవ్వగలరేమో పరిశీలించవలసిందిగా కోరుతున్నాము. మీకు రేటు భారం ఎక్కువ రోజులు ఉండకుండా, సగం సొమ్ము ఆర్డరుతో పాటు, మిగిలిన సగం ఓడ ఎక్కిన 30 రోజుల్లో చెల్లిస్తాము. చెల్లింపు మీ బ్యాంకుకు ఇండియాలో ఉన్న రూపాయి ఖాతా ద్వారా జరుగుతుంది. మీ బ్యాంకు అడిగే వివరాలను మా బ్యాంకు నేరుగా పంపుతుంది. దయచేసి ఒకే తేదీన యూరోల్లో ఒక ధర, రూపాయల్లో ఒక ధర తెలియజేయగలరు."

చివరి వాక్యమే ఈ లేఖకు ప్రాణం. రెండు ధరలూ ఒకే రోజున వస్తే, రూపాయి ధరను యూరో ధరతో భాగించి, సప్లయర్ మనసులో ఉన్న రేటు ఏమిటో బయటికి తీయవచ్చు. నాకు వచ్చిన రూపాయి ధర 21,60,000. దాన్ని 20,000తో భాగిస్తే 108. ఇప్పుడు దాన్ని ఆ రోజు రేటు 102తో పోల్చకూడదు. సొమ్ము కట్టే తేదీకి మన బ్యాంకు ఇచ్చే ఫార్వర్డ్ రేటుతో పోల్చాలి, ఎందుకంటే మనకున్న రెండో దారి అదే. ఇప్పుడే రేటు ఖాయం చేసుకుని తరువాత యూరోలు కొనే ఆ ఒప్పందానికి మా బ్యాంకు, పాత పద్ధతిలో ఐదు నెలల తరువాత కట్టేటట్లయితే, దాదాపు 104 చెప్పింది. అంటే సప్లయర్ తన భద్రత కోసం యూరోకు నాలుగు రూపాయలు, మొత్తం మీద 80,000 ఎక్కువ వేశాడు. మనం అడిగిన రూపాయి బిల్లు ఉచితం కాదు, దాని ఖరీదు ధరలోనే దాగి ఉంటుంది.

ఈ లెక్కనే మర్యాదగా రాసి పంపాను. మేము సగం ముందే కడుతున్నాము కదా, అంత భద్రత మీకు అవసరమా అని అడిగాను. చివరికి 105 దగ్గర, అంటే 21 లక్షలకు ఒప్పుకున్నారు, బ్యాంకు కూడా మార్చారు. ఫార్వర్డ్‌తో పోలిస్తే 20,000 ఎక్కువే, పైగా సగం సొమ్ముకు కొన్ని నెలల వడ్డీ వదులుకున్నాను. అయినా తీసుకున్నాను. ఫార్వర్డ్ తీసుకుంటే బ్యాంకు మార్జిన్ అడుగుతుంది, సరుకు ఆలస్యమైతే ఒప్పందాన్ని పొడిగించడానికో రద్దు చేయడానికో మళ్లీ ఖర్చు. మా సప్లయర్ సరుకు చెప్పిన తేదీకి బయలుదేరడం నేను అరుదుగా చూశాను. మీ జర్మన్ సప్లయర్ సమయానికి పంపేవాడైతే మీకు ఫార్వర్డే చవక కావచ్చు. యూరో పడిపోయినా ఆ లాభం మీకు రాదన్నది మాత్రం రెండు దారుల్లోనూ ఒకటే.

ప్రొఫార్మా ఇన్‌వాయిస్ వచ్చాక అడుగున ఉన్న చిన్న అక్షరాలను తప్పకుండా చదవండి. నాకు వచ్చిన మొదటి ప్రొఫార్మాలో పైన మొత్తం రూపాయల్లోనే ఉంది. అడుగున మాత్రం, యూరో రేటు రెండు శాతం కంటే ఎక్కువ పెరిగితే మొత్తాన్ని సవరించే హక్కు తమకు ఉంటుందని ఒక వరుస. ఆ వరుస ఉన్నంతవరకు అది రూపాయి వేషం వేసిన యూరో బిల్లే. పైకి పెరిగితే నేను కట్టాలి, కిందికి దిగితే తగ్గింపు లేదు. ఆ వరుస తీసేసి కొత్త ప్రొఫార్మా వచ్చేవరకు నేను అడ్వాన్సు పంపలేదు. పర్చేజ్ ఆర్డరు, ఇన్‌వాయిస్, బిల్ ఆఫ్ ఎంట్రీ మూడింటిలోనూ కరెన్సీ రూపాయి అనే ఉండేలా మీ కస్టమ్స్ ఏజెంటుకు ముందే చెప్పండి. మా ఏజెంటు అలవాటు ప్రకారం కరెన్సీ గడిలో యూరో అని నింపబోతే, దాఖలుకు ముందు పంపిన చెక్‌లిస్టులో చూసి ఆపాను.