అద్దె ఫ్లాట్‌లో పూజా మందిరం

ప్రశ్న: మేకులు కొట్టనివ్వని అద్దె ఫ్లాట్‌లో చిన్న మందిరం ఎక్కడ పెట్టుకోవాలి, ఇత్తడి విగ్రహాలను ఎలా చూసుకోవాలి?

హాలు ఈశాన్య మూలలో, బాత్రూమ్ గోడకు ఆనకుండా, నడుమెత్తు బల్లపై చెక్క మందసం ఉంచి, పూజ చేసేవారు తూర్పుకు తిరిగేలా విగ్రహాలను పడమటి ముఖంగా నిలపండి; ఆ మూల కుదరకపోతే తూర్పు గోడైనా సరే. దీపాన్ని మందసం లోపల కాక ముందు పళ్లెంలో వెలిగించాలి, లేకుంటే గోడకు మసి పట్టి, ఖాళీ చేసే రోజున ఆ రంగు ఖర్చు అడ్వాన్సులోంచి పోతుంది.

రోజూ నిర్మాల్యం తీసి, పొడి గుడ్డతో తుడిస్తే చాలు. వారానికొకసారి, చాలా ఇళ్లలో గురువారం సాయంత్రం, చింతపండు గుజ్జుతో తోమి, కడిగి, వెంటనే తడి లేకుండా తుడవాలి. కిరీటం, వేళ్ల సందుల్లో తడి గంధం మిగిలితే అక్కడే పచ్చగా చిలుము పడుతుంది. ఆ సందులు తోమడానికే ఒక మెత్తని బ్రష్ విడిగా ఉంచుకోండి. బంగారు పూత విగ్రహాలకు మాత్రం చింతపండు తగలనివ్వకండి.