రూబిక్స్ క్యూబ్‌లో రెండో వరస పెడుతుంటే తెల్ల వరస చెదిరిపోతోంది

"తెల్ల వరస పూర్తవుతుంది. మధ్య వరసలో ఎడ్జ్ పెట్టబోతే కింద కార్నర్ ఊడిపోతోంది, ఏం చేయాలి?"

ఊడాలి అండి, మధ్యలో ఆపకపోతే అదే తిరిగి వస్తుంది. తెలుపు కింద, ఆకుపచ్చ ముందు పెట్టుకోండి. కుడి పక్క నారింజ వస్తుంది. పై వరసలో ఆకుపచ్చ-నారింజ ఎడ్జ్ వెతికి, దాని ఆకుపచ్చ ముఖం ముందు సెంటర్‌తో కలిసేలా పైవరస తిప్పండి. ఇప్పుడు:

```
U R U' R'   U' F' U F
```

U పైది, R కుడిది, F ముందుది, L ఎడమది. అక్షరం పక్కన ' గుర్తు లేకపోతే ఆ ముఖాన్ని ఎదురుగా చూస్తూ గడియారం దిశలో, ' ఉంటే వ్యతిరేకంగా పావు చుట్టు.

నాలుగు తిప్పాక ఒక్కసారి ఆగి చూడండి. కింది కార్నర్ పైకి వచ్చి మన ఎడ్జ్ పక్కనే కూర్చుంటుంది: ముందు రెండూ ఆకుపచ్చ, పైన రెండూ నారింజ, తెలుపు కుడివైపు. అంటే జత కుదిరింది. మిగతా నాలుగూ ఆ జతను ఒకేసారి దాని గూట్లోకి దించుతాయి. మిగిలిన తెల్ల ముక్కలన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. జత కనిపించలేదంటే మొదటి నాలుగులోనే తప్పు. నేను చూసినంతలో ఎక్కువమంది మధ్యలో క్యూబ్‌ను చేతిలో తిప్పేసుకుంటారు, అప్పుడు R వేరే ముఖమైపోతుంది.

ఎడ్జ్ ఎడమకు వెళ్లాలంటే ఇది:

```
U' L' U L   U F U' F'
```

పై వరసలో అన్ని ఎడ్జ్‌ల మీదా పసుపే ఉండి, మధ్యలో ఒకటి తిరగబడి ఉందా? దాన్ని ముందు-కుడి మూలకు తెచ్చి మొదట చెప్పిన ఎనిమిది తిప్పులే చేయండి. అది పైకి వచ్చేస్తుంది, మళ్లీ సరిగ్గా దించండి.